నంజప్పన్న కట్టిన మడవలు

మా ఆఫీసులో నంజప్పన్న కుర్చీలో కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు లేరు. కాలుగాలిన పిల్లి అంటారే, అచ్చం అదే. కంప్యూటర్ ముందు నిలబడే టైపు చేస్తాడు, నిలబడే కాఫీ తాగుతాడు, ఎవరైనా మాట్లాడుతుంటే సగంలో కిటికీ దాకా పోయి వస్తాడు. వరండాలో చెప్పుల చప్పుడు ఆగకుండా వినిపిస్తే ఆయన ఆఫీసుకు వచ్చాడని మాకు గుర్తు. నేను పరీక్షల విభాగం చిత్రను. నా బల్ల ఆయన బల్లకు ఎదురుగానే ఉంటుంది కాబట్టి ఆ తిరుగుడు చూసి చూసి నాకే కాళ్లు నొప్పులు పుట్టేవి.

తమిళనాట ధర్మపురి పక్కన, సోగత్తూరు దాటగానే వచ్చే చిన్న ప్రైవేటు పాలిటెక్నిక్ మాది. ఆఫీసులో మిగతా అందరిదీ తమిళమే. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం నేనూ ఆయనా మాత్రమే. కాబట్టి మేము పోట్లాడుకుంటే మూడో మనిషికి అర్థం కాదు. అదొక సౌకర్యం.

నంజప్పన్నది తుంబలహళ్లి. వాళ్ల నాన్నకు డ్యాం కింద కాస్త తడి పొలం ఉండేది. చిన్నప్పుడు ఈయన పని మడవలు చూసుకోవడం. కాలువ నీళ్లు వస్తుంటే గట్టుకు ఒకచోట గండి కొట్టి చేనుకు పారించి, అది తడిశాక ఆ మడవ మూసి ఇంకో మడవ తెరవాలి. పన్నెండో తరగతి అయ్యాక టైపు నేర్చుకుని కాలేజీలో చేరాడు. కొన్నేళ్లకు కాలేజీ మెయిలు మొత్తం ఆయన చేతికి వచ్చింది. అక్కడే మడవల బుద్ధి బయటపడింది. సాంకేతిక విద్యా బోర్డు నుంచి వస్తే ఒక లేబుల్, బ్యాంకు నుంచి వస్తే ఇంకో లేబుల్, స్కాలర్‌షిప్ అని ఉంటే ఇటు, ప్రకటన అయితే అటు. వచ్చిన మెయిలు తనంతట తానే తన చోటికి పోయేలా ప్రతిదానికీ ఒక ఫిల్టర్ కట్టేవాడు. ఆయన ఇన్‌బాక్స్ ఎప్పుడు చూసినా కడిగిన కంచంలా ఖాళీగా ఉండేది. ప్రిన్సిపాల్ గోవిందమ్మాళ్ మేడమ్ ఏ మెయిల్ అడిగినా టక్కున తీసి ఇచ్చేవాడు. "నా కంటికి తప్పి ఒక మెయిలు గూడా పోదు" అని ఊరంతా చెప్పుకునేవాడు. నిజానికి చాలాకాలం పోలేదు కూడా.

చిక్కు ఎక్కడంటే, ఫిల్టర్ కట్టడమే ఆయనకు తెలుసు. కట్టినదాన్ని విప్పడం ఆయన వంట్లో లేదు.

ఆయుధ పూజ వచ్చిందంటే మా ఆఫీసులో పెద్ద హడావుడి. సెలవులకు ముందురోజు మధ్యాహ్నం దాకా దుమ్ము దులపడం, ఫ్యాన్లు తుడవడం, విరిగిన కుర్చీలు వెనక్కి చేర్చడం. ఆ తర్వాత కంప్యూటర్లన్నిటికీ గంధం, కుంకుమ పెట్టి, బొరుగులు, శనగపప్పు, బెల్లం పంచి, గుమ్మడికాయ కొట్టి ఇళ్లకు పోతాం. పూజ పెట్టిన పనిముట్టును విజయదశమి దాటేదాకా ముట్టకూడదు. ప్రతి ఏడూ ఆ రోజు నేను ఒకటే పోరు పెట్టేదాన్ని: అన్నా, పైన తుడిచింది చాలు, లోపల ఉన్న ఆ పాత ఫిల్టర్లు కూడా ఒకసారి చూసి పనికిరానివి తీసేద్దాం, బోర్డు వాళ్లు అడ్రసు మార్చి ఎన్నాళ్లయింది, మీ లేబుల్‌లోకి ఒక్కటీ రావడం లేదు అని. ఆయనది పట్టిన కుందేలుకు మూడే కాళ్ల వరస. "నడుస్తా ఉండేదాన్ని కెలకద్దు చిత్రా" అనేవాడు. నేను ఊరుకునేదాన్ని. ఊరుకోవడమంటే నోరు మూసుకోవడం కాదు, ఇంకో సంగతి మీద పోట్లాడటం.

ఇక ఆయన కొడుకు బాలాజి సంగతి చెప్పాలి. మా కాలేజీలోనే ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాడు. చెన్నైలో మంచి కంపెనీలో ఎంపికయ్యాడు. చేరబోయే ముందు కబురు వచ్చింది, మీ చదువును కాలేజీ ధృవీకరించలేదు, కాబట్టి ఉద్యోగం లేదు అని. కొడుకు పరుగున వచ్చి తండ్రిని అడిగాడు. మెయిల్ రాలేదన్నాడు తండ్రి. పంపామంటున్నారు నాన్నా అన్నాడు వాడు. అప్పుడు నంజప్పన్న మా అందరి ఎదుటా అన్న మాట నాకింకా చెవుల్లో ఉంది: "వచ్చి ఉంటే నా కంటి ముందు ఉంటాది. నువ్వే ఏదో అరియర్ దాచిపెట్టి ఫారం నింపినావు. దొరికిపోయినాక నా మీదికి తోస్తావా?"

బాలాజికి పాసు కాకుండా అరియర్‌గా ఒక్క సబ్జెక్టు కూడా మిగల్లేదని మార్కులు రాసిన నాకు తెలుసు. అదే చెప్పాను. ఆయన వినలేదు. వాడు తలవంచుకుని పోయినవాడు మళ్లీ కాలేజీ గేటు తొక్కలేదు. ధర్మపురి బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ కొట్టులో చేరాడు. తండ్రీ కొడుకులు ఒకే ఇంట్లో ఉంటూ ఒకరితో ఒకరు మాట్లాడటం మానేశారు. ఏం కావాలన్నా మధ్యలో ఆయన భార్య మీనాక్షమ్మ వదిన అటు మాట ఇటు, ఇటు మాట అటు మోస్తుంది. ఆమె ఒకసారి నా దగ్గర ఏడ్చింది, ఒక కూర వడ్డించడానికి ఇద్దరికీ రెండు కబుర్లు చెప్పాల్సి వస్తోందని.

ఈ ఏడు ఆయుధ పూజ ముందురోజు పూజ ముగిసింది. గుమ్మడికాయ ముక్కలు గేటు దగ్గర ఎర్రగా పడి ఉన్నాయి. మేడమ్ వెళ్లిపోయింది. నేను బొరుగుల పొట్లం సంచిలో పెట్టుకుని, ధర్మపురి బస్టాండులో నా పెన్నాగరం బస్సుకు ఆలస్యమవుతోందని చెప్పులు వేసుకుంటున్నాను. అప్పుడు వచ్చారు కవిప్రియ, ఆమె తల్లి మారమ్మ. సోగత్తూరు వాళ్లే, నడిచి వచ్చినట్టున్నారు, ఇద్దరికీ చెమటలు. కవిప్రియ ఈ ఏడే డిప్లొమా ముగించింది. హోసూరులో ఒక కంపెనీ తీసుకుంది. నెల నుంచి ఆ పిల్ల చదువును సరిచూడటానికి కంపెనీ తరఫున ఒక ఏజెన్సీ మా కాలేజీకి మెయిళ్లు పంపుతూనే ఉందట, జవాబు లేదట. ఈ సాయంత్రం లోపల రాకపోతే, కాలేజీ ధృవీకరించలేదని రాసి మూసేస్తామని చెప్పారట.

మారమ్మ తమిళంలో మొదలుపెట్టి, మా ఇద్దరి మాటలు విని తెలుగులోకి దిగింది. భర్త లేడు. కూతురి చదువంతా పూలు కట్టి చదివించింది. ఆ సంగతులు ఆమె మెల్లగానే చెప్పింది. చేతులు మాత్రం కొంగును మెలిపెడుతూనే ఉన్నాయి.

"మెయిలు రాలేదమ్మా" అన్నాడు నంజప్పన్న. "వచ్చి ఉంటే నా కంటి ముందు ఉంటాది."

అదే మాట.

నేను కంప్యూటర్ తెరవమన్నాను. ఆయన గతుక్కుమన్నాడు. పూజ పెట్టినదాన్ని ముట్టకూడదన్నాడు. తెరమీద కుంకుమ ఇంకా తడి ఆరలేదు. నాకు కోపం నషాళానికి ఎక్కింది. ఆ పిల్ల నోటికాడి కూడు పోతుంటే ఏ సరస్వతి అయినా సంతోషిస్తుందా అని అడిగాను. ఆయన కిటికీ దాకా పోయాడు, తిరిగి వచ్చాడు, మళ్లీ పోయాడు. చివరికి మారమ్మ ముఖం చూసి, చెప్పులు విడిచి, తెరకు ఒక దండం పెట్టి స్విచ్ వేశాడు.

ఇన్‌బాక్స్ ఖాళీ. కంపెనీ పేరు కొట్టి వెతికాడు, లేదు. ఏజెన్సీ పేరు కొట్టాడు, లేదు. కవిప్రియ పేరు కొడితే ఎప్పటిదో ఫీజు మెయిల్ వచ్చింది. చూశారా అన్నట్టు మా వైపు తిరిగాడు. ఆ ముఖంలో గెలుపు లేదు, భయం ఉంది. అది నేను అప్పుడు గమనించలేదు, కోపంలో ఉన్నాను. వాళ్లకు ఫోన్ చేసి ఇప్పుడే ఇంకోసారి పంపమని చెప్పు అన్నాను కవిప్రియతో. ఆ పిల్ల వరండాలోకి పోయి ఎవరెవరితోనో మాట్లాడింది. అవతల ఫోన్ ఒకరి నుంచి ఒకరికి మారుతోంది. మేం ముగ్గురం లోపల ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నాం. నా బస్సు పోయి ఉంటుంది. పోనీ.

కవిప్రియ లోపలికి వచ్చింది. "ఇప్పుడే పంపినారంట సార్. వాళ్ల దాంట్లో పోయిందని చూపిస్తా ఉందంట."

నలుగురం తెర మీద పడ్డాం. నంజప్పన్న పేజీని మళ్లీ మళ్లీ రిఫ్రెష్ చేస్తున్నాడు. ఖాళీ. మళ్లీ చేశాడు. ఖాళీ. ఆయనకు అంత ముద్దు వచ్చే ఆ శుభ్రం, ఎవరో తలుపు కొడుతుంటే లోపల గడియ పెట్టుకుని కూర్చున్నట్టు ఉంది.

ఏజెన్సీ వాళ్లదే తప్పు అన్నాడాయన. నేను మౌస్ లాక్కున్నాను. ఎందుకు అక్కడికి పోయానో నాకే తెలియదు, విసుగు మీద చేయి పోయింది. ఎడమవైపు అట్టడుగున ఉన్న చెత్తబుట్ట తెరిచాను.

అన్నిటికంటే పైన, ఇంకా చదవనిది కాబట్టి లావు అక్షరాల్లో, ఇప్పుడే వచ్చిన మెయిల్. కవిప్రియ పేరు. చదువు వెరిఫికేషన్ కోసం విన్నపం అని విషయం. దాని కింద అదే పిల్ల పేరుతో ముందు పంపినవి. మామూలుగా వెతికితే చెత్తబుట్టలో ఉన్నవి కనిపించవు, అందుకే ఆయనకు ఇంతసేపూ దొరకలేదు.

మారమ్మ "దేవుడా" అని గోడకు ఆనుకుంది. నంజప్పన్న మాత్రం కదలకుండా నిలబడ్డాడు. నేను ఆయన్ను అలా చూడటం అదే మొదలు.

ముందు పని ముందు. మెయిల్‌లో ఉన్న లింకు తెరిచాం. రిజిస్టర్ నంబరు, కోర్సు, పాసైన ఏడు, ధృవీకరించేవారి పేరు, హోదా. మార్కులు నా బీరువాలో ఉన్నాయి. పూజ పెట్టిన బీరువా తాళం కూడా తీశాను, ఇంక ఏం మిగిలింది గనుక. నేను చదువుతుంటే ఆయన టైపు చేశాడు. ఒక అంకె తప్పు పడింది, చెరిపి మళ్లీ కొట్టాడు. పంపాం. అందిందని తెర మీద వచ్చింది. కాసేపటికి కవిప్రియ ఫోన్‌కు కంపెనీ నుంచి కబురు, ధృవీకరణ పూర్తయింది, అనుకున్న రోజున వచ్చి చేరమని. ఆ పిల్ల గట్టిగా అరవలేదు, గంతులు వేయలేదు. తల్లి చెమటను తన చున్నీతో తుడిచింది, అంతే. మారమ్మ మాకు దండం పెట్టబోతే నంజప్పన్న చేతులు అడ్డం పెట్టాడు. "నాకు పెట్టద్దమ్మా" అన్నాడు. ఆమెకు ఎందుకో అర్థం కాలేదు. నా బొరుగుల పొట్లం ఆ పిల్ల చేతిలో పెట్టి పంపించాను.

వాళ్లు గేటు దాటాక నేను సెట్టింగ్స్ తెరిచాను. ఫిల్టర్లు వరుసగా దిగాయి, ఒక ఊరి కాలువలన్నీ అక్కడే ఉన్నట్టు. ఒక్కొక్కటీ చదివి ఇది ఎందుకు కట్టారన్నా అని అడిగాను. ఆయన చెబుతూ పోయాడు. ప్రతిదాని షరతును సెర్చ్‌లో పెట్టి, చివరగా దానికి తగిలిన మెయిల్ ఎప్పటిదో చూశాం. విద్యా బోర్డు పాత అడ్రసుది, ఎండిపోయి ఏళ్లయింది, తీసేశాం. మూతపడ్డ స్కాలర్‌షిప్ పోర్టల్‌ది, తీసేశాం. రిటైరై పోయిన పాత అకౌంటెంటు పెరియసామి సార్‌కు జీతాల మెయిళ్లన్నీ ఇప్పటికీ ఒక కాపీ పోతూ ఉంది! ఆయన పాపం సేలంలో కూర్చుని మా అందరి జీతాలు చదువుతున్నాడన్నమాట. నాకు నవ్వు వచ్చింది, మరో రోజైతే నంజప్పన్న కూడా నవ్వేవాడు.

ఆ తర్వాత వచ్చింది అది. పంపేవాడి అడ్రసులో నో-రిప్లై, విషయంలో వెరిఫికేషన్ ఉంటే చెత్తబుట్టలో వెయ్యి.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా.

ఇది ఎందుకు కట్టారన్నా అన్నాను. గొంతు ఎంత తగ్గించినా నాది ఆఫీసంతా వినిపించే గొంతే. ఆయన మెల్లగా చెప్పాడు. ఒకప్పుడు ఎవరో కాలేజీ అడ్రసును ఎక్కడెక్కడో ఇచ్చేస్తే, మీ ఖాతా వెరిఫికేషన్ చేసుకోండి, ఇక్కడ నొక్కండి అని దొంగ మెయిళ్లు వరదలా వచ్చేవి. ఎవరైనా నొక్కితే కొంప మునుగుతుందని ఈ ఫిల్టర్ పెట్టాడు. అప్పట్లో పిల్లల చదువు అడగాలంటే కంపెనీలో మనిషే తన పేరుతో, తన అడ్రసు నుంచి రాసేవాడు. ఆ మెయిళ్లు దీనికి తగిలేవి కావు. తర్వాత కంపెనీలన్నీ ఆ పనిని ఏజెన్సీలకు ఇచ్చేశాయి. ఏజెన్సీలో మనిషి రాయడు, యంత్రం పంపుతుంది. యంత్రం పంపే అడ్రసు నో-రిప్లై, దానికి తిరిగి జవాబు రాయడానికి ఉండదు. నీళ్లు వచ్చే దోవ మారింది, మడవ మాత్రం అక్కడే ఉంది. మంచి నీళ్లన్నీ గుంటలో పారుతూ వచ్చాయి.

చెత్తబుట్టలో ఇంకో ఇద్దరు పిల్లలవి ఉన్నాయి. వాళ్లవీ నింపి పంపాం. ఒకదానికి అప్పటికే మూసేశామని జవాబు వచ్చింది. ఆ పిల్లవాడికి సెలవుల్లోనే ఫోన్ చేసి, కంపెనీకి కాలేజీ తరఫున ఉత్తరం రాద్దామని అనుకున్నాం. అంతకు ముందువి లేవు. చెత్తబుట్టలో పడినది నెల దాటితే తనంతట తానే పోతుంది. ఫిల్టర్ తీసినంత మాత్రాన పోయినవి తిరిగి రావు.

"చిత్రా" అన్నాడాయన. "ఇది పెరియసామి సార్ ఉండంగా కట్టినది."

పెరియసామి సార్ రిటైరైన మరుసటి ఏడు బాలాజికి ఆ ఉద్యోగం వచ్చి పోయింది. ఆయన అది లెక్క వేసుకుంటున్నాడని ముఖం చూస్తే తెలుస్తోంది. మౌస్ ఆయన వైపు జరిపాను. ఆ ఫిల్టర్‌ను ఆయనే తీసేశాడు. నిజంగా తీసేయాలా అని అది అడిగింది, అవునని నొక్కాడు.

ధర్మపురి బస్టాండు దాకా ఇద్దరం ఒకే బస్సులో పోయాం. ఆయన బస్సులో కూడా నిలబడే ఉన్నాడు, పక్కన సీటు ఖాళీ ఉన్నా. చేతిలో పూజ బొరుగుల పొట్లం. దిగాక నా బస్సు వైపు నేను పోవాలి. పోలేదు. పిలవని పేరంటం అని తెలుసు, అయినా వెనకాలే నడిచాను.

సెల్‌ఫోన్ కొట్టు ముందు పండుగ జనం. బాలాజి ఎవరిదో ఫోన్‌కు అద్దం అతికిస్తున్నాడు. తండ్రిని చూసి తల దించుకుని పని చేసుకుంటున్నాడు. నంజప్పన్న జనం పలచబడేదాకా ఆగలేదు, ఆగే మనిషి కాదు. అప్పుడు నలుగురి ఎదుట అన్నాడు, ఇప్పుడూ నలుగురి ఎదుటే అన్నాడు.

"ఆ మెయిలు వచ్చిందిరా. నేనే పారేసినాను."

బాలాజి చేతులు ఆగాయి. తల ఎత్తలేదు. "దొరికిందా?"

"లేదు. ఎప్పుడో పోయింది అది. ఇంక దొరకదు."

"మరి వచ్చిందని ఎట్ల తెలిసింది నీకు?"

నంజప్పన్న పొట్లాన్ని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "నువ్వు చెప్పినావు కదరా, పంపినారని."

బాలాజి చాలాసేపు ఆ అద్దం కింద చిక్కిన గాలి బుడగను బొటనవేలితో నొక్కుతూ ఉన్నాడు. అది పోయింది, అయినా నొక్కుతూనే ఉన్నాడు. కాసేపటికి వాడు బల్ల కింద నుంచి స్టూలును కాలితో ఇటు తోశాడు.

"కూర్చో నాన్నా" అన్నాడు.

నా కళ్లు మసకబారి పెన్నాగరం బోర్డు సరిగ్గా కనబడలేదు. కండక్టర్‌ను అడిగి ఎక్కాను. కిటికీలో నుంచి చూస్తే జనం అడ్డం. బస్సు మలుపు తిరిగేటప్పుడు ఒక్కసారి సందు దొరికింది. పొట్లం విప్పి బల్ల మీద పెట్టి ఉంది. నంజప్పన్న కూర్చుని ఉన్నాడు.